మారటోరియం ముగిసేసరికి బ్యాంకు లెక్క నా లెక్క కంటే 25 వేలు ఎక్కువ: విద్యా రుణంలో వడ్డీ అసలులో కలిసేది ఏ రోజున?

ఒంగోలు_నాన్న
మా అమ్మాయి బీటెక్ కోసం 2019లో ఒక బ్యాంకులో 8 లక్షల రూపాయల విద్యా రుణం తీసుకున్నాను. 2019 నుంచి 2022 వరకు ఏటా ఆగస్టు 1న 2 లక్షల చొప్పున నాలుగు విడతలుగా బ్యాంకు ఆ సొమ్మును నేరుగా కళాశాలకు పంపింది. వడ్డీ రేటు 10 శాతం, మధ్యలో మారని స్థిర వడ్డీ. చదువు ముగిసిన తేదీ మంజూరు పత్రంలో 2023 జూలై 31 అని ఉంది. ఆ తర్వాత ఏడాది మారటోరియం పోగా 2024 ఆగస్టు నుంచి 120 నెలల ఈఎంఐ మొదలు కావాలి.

మారటోరియం ముగిసేదాకా బారువడ్డీయే అని పత్రంలో రాసి ఉంది కాబట్టి నేను కాగితం మీద లెక్క వేసుకున్నాను. మొదటి 2 లక్షలకు అయిదేళ్ల వడ్డీ లక్ష రూపాయలు, రెండో విడతకు నాలుగేళ్లకు 80 వేలు, మూడో దానికి 60 వేలు, నాలుగో దానికి 40 వేలు, వెరసి 2,80,000. ఈ మొత్తం అసలులో కలవకముందే కట్టేస్తే 8 లక్షల మీద మాత్రమే ఈఎంఐ పడుతుందని, అంటే నెలకు 10,572 రూపాయలని, అయిదేళ్లుగా రికరింగ్ డిపాజిట్ వేస్తూ వచ్చాను.

జూలై ఆఖరి వారంలో ఆ డబ్బుతో వెళితే ఖాతాలో నిల్వ నెలాఖరుకు 11,05,074 అవుతుందని చూపించారు. నేను 2,80,000 కట్టినా 8,25,074 మిగులుతుందట, ఈఎంఐ 10,903 అట. అదనంగా వచ్చిన 25 వేలు ఎక్కడివని అడిగితే, కంప్యూటరు వేసిన లెక్కలో తప్పు రాదని సమాధానం. తప్పు నాదా, వాళ్లదా?

రేపో_రాజు
2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రిజర్వు బ్యాంకు రేపో రేటును 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. విద్యా రుణాలన్నిటి వడ్డీ దాంతోపాటే పెరిగింది. మీ 25 వేలు అక్కడివే, వెతకనక్కర లేదు.

ఒంగోలు_నాన్న
రాజు గారూ, స్థిర వడ్డీ అని పైన రాశాను. పాస్‌బుక్కులో కూడా మొదటి నుంచీ 10 శాతమే ఉంది.

రేపో_రాజు
ఆ మాట నేను చూడలేదు. అయితే నా సమాధానం మీకు వర్తించదు. మారే వడ్డీ ఉన్నవాళ్లు మాత్రం ముందుగా దాన్నే చూసుకోవాలి.

చట్టం_చుట్టం
మారటోరియం కాలంలో వడ్డీ మీద వడ్డీ వేయకూడదని సుప్రీంకోర్టు 2021 మార్చిలో తీర్పు చెప్పింది. వేసిన బ్యాంకులు తిరిగి ఇవ్వాలని కూడా చెప్పింది. ఆ తీర్పు ప్రతి తీసుకెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టండి, మిగతా పని అదే జరుగుతుంది.

లెడ్జరు_పాతకాలం
ఆ తీర్పు ఈ మారటోరియం గురించి కాదు. కరోనా సమయంలో, 2020 మార్చి నుంచి ఆగస్టు వరకు, కిస్తీలు కట్టలేనివారికి రిజర్వు బ్యాంకు ఆరు నెలల వెసులుబాటు ఇచ్చింది. కోర్టు మాట్లాడింది ఆ ఆరు నెలల సంగతి. విద్యా రుణంలో చదువు కాలానికీ, ఆ తర్వాతి ఏడాదికీ ఇచ్చే గడువు రుణ ఒప్పందంలో భాగం. పేరొకటే కానీ రెండూ వేరు. ఆ కాగితం బల్ల మీద పెడితే మేనేజరు నవ్వి పక్కన పెడతారు, అసలు ఫిర్యాదు కూడా దాంతోపాటే పక్కకు పోతుంది.

నేను ముప్ఫై ఒక్క ఏళ్లు బ్యాంకులో పని చేసి రిటైరయ్యాను, చివరి పదేళ్లు రుణ విభాగంలో. ఒంగోలు నాన్నగారి మొత్తాన్ని చూస్తే నాకు ఒక అనుమానం వస్తోంది కానీ, మొత్తం ఒక్కటే చూసి చెప్పడం సరికాదు. అయిదేళ్లూ నెలనెలా చక్రవడ్డీ వేసి ఉంటే నిల్వ 11 లక్షల 40 వేలు దాటేది. పూర్తిగా బారువడ్డీ అయితే 10 లక్షల 80 వేల దగ్గర ఆగాలి. మీది ఈ రెంటికీ మధ్యలో ఉంది. అంటే కొంతకాలం బారువడ్డీ వేసి, ఎక్కడో ఒక చోట దారి మారారు. ఆ చోటు పాస్‌బుక్కులోనే దొరుకుతుంది.

ఇలా చూడండి. బ్యాంకు రోజుల లెక్కన వడ్డీ వేస్తుంది కాబట్టి 30 రోజుల నెలకూ 31 రోజుల నెలకూ తేడా వస్తుంది. అందుకని 31 రోజుల నెలలను మాత్రమే పక్కపక్కన పెట్టండి. మధ్యలో కొత్త విడత విడుదల కాకుండా, రేటు మారకుండా ఉన్న కాలంలో బారువడ్డీ అయితే ఆ నెలలన్నిటిలో ఒకే అంకె కనిపించాలి. 8 లక్షల మీద 10 శాతానికి 31 రోజుల వడ్డీ 6,795 రూపాయలు. ఆ అంకె నెలనెలా కొద్దికొద్దిగా పెరుగుతూ పోతే వడ్డీ అసలులో కలుస్తోందని అర్థం. ఒక్కసారిగా ఎగబాకితే, ఆ నెలలో పోగుపడిన వడ్డీ అంతటినీ ఒకే దెబ్బలో అసలులో వేశారని అర్థం. 2022 అక్టోబరు, డిసెంబరు, 2023 జూలై, ఆగస్టు, అక్టోబరు, డిసెంబరు నెలల వడ్డీ పద్దులు ఇక్కడ రాయగలరా?

మొండి_బకాయి
అసలు కంటే వడ్డీ ముద్దు అని మనవల గురించి అనే మాట. బ్యాంకువాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు తీసుకున్నట్టున్నారు.

తెనాలి_ప్రోనోటు
లెడ్జరు గారు చెప్పినదాన్ని మా ఊళ్లో అందరూ ఎరుగుదురు, కాకపోతే పేరు వేరు. ప్రోనోటు మూడేళ్లకు కాలదోషం పడుతుంది కాబట్టి, గడువు దగ్గర పడగానే షావుకారు నోటు తిరగరాయమంటాడు. లక్షకు నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున మూడేళ్లకు 72 వేలు అయితే, కొత్త నోటు లక్షా 72 వేలకు రాయిస్తాడు. ఆ రోజు దాకా వడ్డీ వడ్డీగానే ఉంటుంది, సంతకం పెట్టిన మరుక్షణం అదీ అసలే. బ్యాంకులో సంతకం అడగరు, అదొక్కటే తేడా. మా నాన్నగారు తిరగరాసే ముందు రోజు ఎంతో కొంత వడ్డీ కట్టి వచ్చేవారు. అలా ఎందుకు చేసేవారో నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

ఎఫ్‌డీ_ప్రియుడు
ఒంగోలు గారు నెలనెలా వడ్డీ కట్టకుండా డిపాజిట్ వేసుకోవడం తెలివైన పని. చదువుకునే కాలంలో వడ్డీ కట్టేవాళ్లంత అమాయకులు ఉండరు. బారువడ్డీ అంటే కట్టని వడ్డీ మీద బ్యాంకు ఏమీ వేయదు, అంటే ఆ డబ్బు మన దగ్గర ఉచితంగా తిరుగుతున్నట్టే. దాన్ని డిపాజిట్లో పెడితే వచ్చింది లాభం. నేనైతే మారటోరియం అయిపోయాక కూడా ఆ డిపాజిట్‌ను కదిలించను, ఈఎంఐ కట్టుకుంటూ పోతాను.

లెడ్జరు_పాతకాలం
మీ మాటలో మొదటి సగం నిజం, రెండో సగం నష్టం.

బారువడ్డీ నడుస్తున్నంత కాలం కట్టని వడ్డీ పిల్లలు పెట్టదు, అది నిజమే. కాబట్టి ఆ సొమ్మును ముందుగా కట్టినా చివరలో కట్టినా వడ్డీ మొత్తం మారదు. అయితే అసలులో కలిసే రోజు దాటిన తర్వాత అదే సొమ్ము మీద 10 శాతం పడుతుంది. మీ డిపాజిట్‌కు వచ్చేది ఆరున్నరో ఏడో, అందులోనూ పన్ను పోతుంది. ఒంగోలు గారి 2,80,000 అసలులో కలిసి ఉంటే ఈఎంఐ 10,572 బదులు 14,272 అయ్యేది, పదేళ్లలో ఆ 2,80,000 కోసమే దాదాపు 4,44,000 కట్టవలసి వచ్చేది. ఆ రోజు తర్వాత కూడా డిపాజిట్‌ను కదిలించనని మీరు అనడం, నూటికి 83 పైసలకు అప్పు తెచ్చి 55 పైసలకు అప్పు ఇవ్వడం లాంటిది.

మొదటి సగానికి కూడా ఒక మినహాయింపు ఉంది. చదువు కాలంలోనూ మారటోరియంలోనూ ఎప్పటి వడ్డీ అప్పుడు కట్టేవారికి ఒక శాతం రాయితీ ఇవ్వవచ్చని ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ నమూనా పథకంలో ఉంది. పై ఉదాహరణలో మారటోరియం వరకే అయితే ఆ రాయితీ విలువ 28 వేలు. డిపాజిట్ మీద వచ్చే వడ్డీ పన్నుకు ముందు 35 వేల ప్రాంతంలో ఉంటుంది. పన్ను తీసేస్తే రెండూ ఇంచుమించు ఒకటే. కొన్ని బ్యాంకులు ఆ ఒక శాతాన్ని రుణం తీరేదాకా ఇస్తాయి, అప్పుడు నెలనెలా కట్టడమే మేలు. ఏది వర్తిస్తుందో మంజూరు పత్రంలో చదువుకోవాలి తప్ప ఇక్కడ ఎవరూ చెప్పలేరు.

ఎఫ్‌డీ_ప్రియుడు
రాయితీ సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ చేతిలో రెండున్నర లక్షలు ఉండటానికి కూడా ఒక విలువ ఉంది. ఉద్యోగం రాకపోతే ఈఎంఐ కట్టేది ఆ డిపాజిట్ నుంచే కదా. మీ లెక్కలో ఆ భయానికి చోటు లేదు.

లెడ్జరు_పాతకాలం
అది సబబైన మాటే. ఆరు నెలల ఈఎంఐకి సరిపడా పక్కన పెట్టుకుని మిగిలింది కట్టమని నేనూ చెప్పేవాణ్ణి.

డెంటన్_నుంచి
ఎమ్మెస్ కోసం 30 లక్షలు తీసుకున్నాను, బ్యాంకు కాదు, ఒక ఫైనాన్స్ సంస్థ. వడ్డీ 12 శాతం. చదివినన్నాళ్లూ నెలకు 5,000 కడితే చాలన్నారు. మా నాన్నగారు ఒక్క నెల కూడా తప్పకుండా కట్టారు. మేము వడ్డీ కడుతున్నాము కాబట్టి అసలు పెరగదనే నమ్మకంతో ఉన్నాము. రెండున్నరేళ్ల తర్వాత చూస్తే బాకీ 38 లక్షల 69 వేలు. సంస్థకు ఫోను చేస్తే, మీరు కట్టింది పాక్షిక వడ్డీ అన్నారు. ఆ పాక్షికం అనే మాట మీద మొదట్లోనే మనసు పెట్టి ఉంటే బాగుండేది.

తెనాలి_ప్రోనోటు
30 లక్షలకు నూటికి రూపాయి వడ్డీ అంటే నెలకు 30 వేలు కదా తమ్ముడూ. మీరు కట్టిన అయిదు వేలు పోగా మిగిలిన పాతిక వేలు ప్రతి నెలా అసలులోకి వెళ్లిపోయాయి. నెలనెలా నోటు తిరగరాసినట్టే.

డెంటన్_నుంచి
అవును, ఇప్పుడు అర్థమైంది. ముప్ఫై నెలలకు 25 వేల చొప్పున ఏడున్నర లక్షలు, దాని మీద వడ్డీకి వడ్డీ మరో లక్షా 20 వేలు. ఆ లక్షా 20 వేలు తీసేయమని నేను అడగవచ్చా?

లెడ్జరు_పాతకాలం
ఒప్పందంలో బారువడ్డీ అని ఉంటేనే అడగవచ్చు. విదేశీ చదువుల రుణాలు ఇచ్చే ఫైనాన్స్ సంస్థల పత్రాలు నేను చూసినంతవరకు, కట్టని వడ్డీ నెలనెలా కలుస్తుందనే రాస్తాయి. బ్యాంకుల నమూనా పథకం వాటికి వర్తించదు. మీ ఒప్పందం చివరి పేజీల్లో వడ్డీ లెక్కించే పద్ధతి అనే భాగం ఉంటుంది, ముందు దాన్ని చదవండి.

ఒంగోలు_నాన్న
లెడ్జరు గారూ, స్టేట్‌మెంట్ తీయించడానికి రెండు రోజులు పట్టింది. మీరు అడిగిన నెలల వడ్డీ ఇలా ఉంది. 2022 అక్టోబరులో 6,795, డిసెంబరులో 6,795, 2023 జూలైలో 6,795. అంతవరకు మీరు చెప్పినట్టే ఒకే అంకె. 2023 ఆగస్టులో మాత్రం 8,494 పడింది. అక్టోబరులో 8,636, డిసెంబరులో 8,781. ఆగస్టు తర్వాత కొత్త విడత ఏదీ లేదు, రేటూ మారలేదు.

లెడ్జరు_పాతకాలం
నా అనుమానం నిజమైంది. దారి మారింది 2023 జూలై 31 రాత్రి.

నాలుగేళ్లలో మీకు పోగుపడిన బారువడ్డీ సుమారు 2 లక్షలు. దాన్ని చదువు ముగిసిన రోజునే అసలులో కలిపేశారు. 6,795 ఒక్కసారిగా 8,494 అయింది అందుకే, 8 లక్షల మీద వేయవలసిన వడ్డీని 10 లక్షల మీద వేశారు. ఆపైన 8,494 నుంచి 8,636కు, 8,781కి పెరగడాన్ని బట్టి, ఆ చివరి ఏడాది అంతా నెలనెలా చక్రవడ్డీ నడిచిందని తెలుస్తోంది. కాబట్టి జరిగినవి రెండు పొరపాట్లు, ఒకటి కాదు.

మీ 25,074 ఇలా విడిపోతుంది. కలపకూడని రోజున కలిపిన 2 లక్షల మీద ఏడాది వడ్డీ 20,060. ఆ ఏడాది నెలనెలా కలిపినందువల్ల పెరిగింది దాదాపు 4,740. మిగిలిన 274 రూపాయలు మాత్రం బ్యాంకుకు న్యాయంగా రావలసినవే. 2020లోనూ 2024లోనూ ఫిబ్రవరికి 29 రోజులు. మీరు సంవత్సరాల్లో లెక్క వేశారు, బ్యాంకు రోజుల్లో వేసింది.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, ఖాతా తెరిచేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో రెండు తేదీలు నింపాలి. చదువు ముగిసే తేదీ ఒకటి, కిస్తీ మొదలయ్యే తేదీ ఒకటి. వడ్డీని అసలులో కలపవలసిన తేదీ దగ్గర రెండోది వేయవలసిన చోట మొదటిది వేస్తే ఇదే ఫలితం వస్తుంది. నా సర్వీసులో ఇటువంటివి నాలుగైదు ఖాతాలు సరిచేశాను. కంప్యూటరు తప్పు చేయదన్నది నిజమే, తప్పు తేదీ ఇస్తే దానికి సరిగ్గానే లెక్క వేస్తుంది.

మొండి_బకాయి
ఫిబ్రవరి 29 కూడా వదలలేదన్నమాట. ఆ రోజు పుట్టినవాళ్లకు నాలుగేళ్లకోసారి పుట్టినరోజు, బ్యాంకుకు నాలుగేళ్లకోసారి పండగ.

కరీంనగర్_అక్క
మా తమ్ముడి ఖాతాలోనూ ఇదే జరిగింది, దారి వేరు. మా కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపే కాబట్టి కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ పథకం కింద మారటోరియం దాకా వడ్డీ ప్రభుత్వమే భరించాలి. మేము నిశ్చింతగా ఉన్నాము. కానీ ఒక ఏడాదికి రావలసిన రాయితీ సొమ్ము ఆలస్యమైంది, ఈలోగా మారటోరియం ముగిసి ఆ వడ్డీ అసలులో కలిసిపోయింది. సొమ్ము తర్వాత వచ్చింది కానీ అప్పటికే ఈఎంఐ పెద్ద మొత్తం మీద కట్టి పెట్టారు, దాన్ని మళ్లీ లెక్క కట్టమని నాలుగు నెలలు తిరిగాము. రాయితీ ఉన్నవాళ్లు కూడా మారటోరియం ముగిసే ముందు నెలలో ఒకసారి ఖాతా చూసుకోవాలి.

పన్ను_పంతులు
ఒంగోలు గారు ఆ 2,80,000 ఇప్పటికే కట్టారా? పాత పన్ను విధానంలో ఉంటే 80ఈ కింద ఆ ఏడాది కట్టిన వడ్డీ అంతటికీ మినహాయింపు ఉంది, దానికి పరిమితి లేదు. అయితే వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాదితో కలిపి ఎనిమిదేళ్లే. చదువు కాలంలో నెలకు కొంత కట్టేవారికి ఆ ఎనిమిదేళ్లలో నాలుగైదు అప్పుడే గడిచిపోతాయి. చివరలో ఒకేసారి కట్టడంలో అదొక సౌకర్యం.

కానీ మీరు కట్టిన సొమ్ము రసీదులో వడ్డీగా నమోదైందా, అసలుగా నమోదైందా అన్నది చూసుకోండి. బ్యాంకు దృష్టిలో ఆ 2 లక్షలు ఏడాది క్రితమే అసలైపోయాయి. వడ్డీ ధ్రువపత్రంలో 2,80,000 బదులు దాదాపు లక్షే కనిపించే ప్రమాదం ఉంది.

ఒంగోలు_నాన్న
జూలై 29న కట్టేశాను. పాత విధానంలోనే ఉన్నాను. ఈ సంగతి నాకు తట్టనే లేదు, వడ్డీ ధ్రువపత్రం అడుగుతాను. అసలుగా చూపిస్తే, అది నిజానికి వడ్డీయే అని నేను ఆదాయపు పన్ను శాఖకు చెప్పుకోవచ్చా?

పన్ను_పంతులు
చెప్పుకోవచ్చు, వాదన బలంగానే ఉంటుంది, ఎందుకంటే పేరు మారినా అది వడ్డీగా పుట్టిన సొమ్మే. కానీ ధ్రువపత్రంలో లేని అంకెను క్లెయిము చేయడానికి నేనైతే జంకుతాను.

లెడ్జరు_పాతకాలం
పంతులు గారితో నేను ఏకీభవించను. అసలులో కలిసిన వడ్డీ విషయంలో ఒక్కో శాఖ ఒక్కో రకంగా ధ్రువపత్రం ఇవ్వడం చూశాను. రెండు రకాలనూ ఆడిటరు ఒప్పుకోవడం కూడా చూశాను. కాబట్టి ముందు ఖాతాను సరిచేయించుకోండి. వడ్డీ కలిపిన తేదీ మారితే ధ్రువపత్రం దానంతటదే మారుతుంది.

దరఖాస్తులో మొత్తం కథ రాయకండి. మూడు విషయాలు చాలు. మంజూరు పత్రంలో బారువడ్డీ ఎంతవరకో చెప్పే నిబంధన సంఖ్య, 2023 జూలై, ఆగస్టు వడ్డీ పద్దులు పక్కపక్కన, వడ్డీని కలపవలసిన తేదీ 2024 జూలై 31 అన్న మీ కోరిక. ఖాతాను ఆ తేదీతో తిరిగి లెక్కించి తేడాను జమ చేయమని అడగండి. డబ్బు వాపసు అని రాస్తే అది పై కార్యాలయానికి వెళ్లి కూర్చుంటుంది, లెక్క సవరణ అని రాస్తే చాలావరకు శాఖలోనే తేలుతుంది. రసీదు ముద్ర మాత్రం మరవకండి.

ఎఫ్‌డీ_ప్రియుడు
ఈ వివాదం ఏపాటిది? నెలకు 331 రూపాయలు.

తెనాలి_ప్రోనోటు
పదేళ్లకు 39,700 పైన. మీరు ఎఫ్‌డీలో పావు శాతం కోసం బ్యాంకు మారే మనిషి కదా, అడగవలసింది మీరేనా?

డెంటన్_నుంచి
లెడ్జరు గారు చెప్పినట్టు ఒప్పందం చదివాను. కట్టని వడ్డీని ప్రతి నెలాఖరున అసలుకు చేర్చుతామని స్పష్టంగా ఉంది, దాని కింద మా నాన్నగారి సంతకం కూడా ఉంది. అడగడానికి ఏమీ లేదు. ఇప్పుడు నెలకు 40 వేలు అదనంగా కట్టగలను, దాన్ని అసలుకే జమ చేయమని విడిగా ఈమెయిలు పెట్టాను. లేకపోతే రాబోయే కిస్తీలకు ముందస్తుగా సర్దుతారట.

ఒంగోలు_నాన్న
మూడు వారాల తర్వాత వస్తున్నాను. దరఖాస్తు ఇచ్చాను, ముద్ర వేయించుకున్నాను. నిన్న శాఖ నుంచి సమాధానం వచ్చింది. మారటోరియం ఏడాదిలో నెలనెలా చక్రవడ్డీ వేయడం పొరపాటేనని ఒప్పుకుని 4,740 రూపాయలు ఖాతాకు జమ చేశారు. కానీ 20,060 విషయంలో ఒప్పుకోలేదు. మంజూరు పత్రంలో ఒక నిబంధనలో మారటోరియం ముగిసేదాకా బారువడ్డీ అని ఉంది, మరో నిబంధనలో విద్యాకాలం ముగిసిన పిదప పోగుపడిన వడ్డీని అసలుకు చేర్చబడును అని ఉంది. ఆ రెండోదాన్ని పట్టుకున్నారు. ముగిసిన పిదప అంటే ముగిసిన మర్నాడే అని వాళ్ల వాదన.

లెడ్జరు_పాతకాలం
వాళ్లకు అనుకూలంగా చదివితే అలా చదవవచ్చు. ఆ వాక్యం రాసినవాడు తేదీ రాయకపోవడమే తగాదాకు మూలం. అయినా, జూలై 31నే కలిపేస్తే ఆ తర్వాతి ఏడాది బారువడ్డీ కూడా పెద్ద మొత్తం మీద పడుతుంది, అప్పుడు మొదటి నిబంధనకు మిగిలేది సగం అర్థమే. కిస్తీ మొదలయ్యేదాకా బారువడ్డీ అని నమూనా పథకం చెబుతోంది. మీ బ్యాంకు పాలకమండలి ఆ పథకాన్ని మార్పులు లేకుండా స్వీకరించిందా లేదా అన్నది తెలిస్తే మీ వాదనకు బలం వస్తుంది. అది శాఖలో తెలియదు, ప్రధాన కార్యాలయాన్ని అడగాలి.

చట్టం_చుట్టం
ఇక్కడ మాత్రం నేను సరిగ్గానే చెబుతానని అనుకుంటున్నాను. పత్రం రాసింది బ్యాంకు. రెండు అర్థాలు వచ్చే వాక్యాన్ని రాసినవారికి వ్యతిరేకంగా చదవాలన్న న్యాయసూత్రం ఒకటి ఉంది. దాన్ని అప్పీలులో రాయండి.

లెడ్జరు_పాతకాలం
ఈసారి చుట్టం గారు సరైన బల్ల మీదే పెట్టారు.

ఒంగోలు_నాన్న
రాశాను. ప్రధాన కార్యాలయానికి ఈ నెల 4న రాతపూర్వకంగా పంపాను. 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టుకోవచ్చని మా అమ్మాయి చెప్పింది. ఈలోగా ఈఎంఐ ఆపలేదు. సవరించిన నిల్వ మీద 10,841 అయింది, మొదటి కిస్తీ తనే కట్టింది.

కరీంనగర్_అక్క
ఆ రెండో నిబంధనలోని మాటలు యథాతథంగా ఇక్కడ పెట్టగలరా? మా తమ్ముడి పత్రంతో పోల్చి చూస్తాను.

ఒంగోలు_నాన్న
పత్రం ఇప్పుడు అమ్మాయి దగ్గర హైదరాబాదులో ఉంది. ఆదివారం ఫొటో తీసి పంపమన్నాను, రాగానే అక్షరం మార్చకుండా రాస్తాను.